బాల్కనీలో పై చువ్వ ఎక్కడుంది?

స్లాబ్ వేసే రోజు సైటులో ఎవరికీ ఊపిరి సలపదు. కింద మిల్లరు ఆగకుండా తిరుగుతుంటుంది. పైన కాంక్రీటు తట్టలు చేతులు మారుతుంటాయి. మేస్త్రీ ఒక చివర నుంచి చదును చేయించుకుంటూ వస్తుంటాడు. ఈ హడావిడిలో మనుషులు నడవడానికి దారి కావాలి. ఆ దారి చాలాసార్లు గదికీ బాల్కనీకీ మధ్య గోడ గీత మీదుగా పోతుంది. అక్కడ పైవరసలో కట్టిన చువ్వల మీద రోజంతా అడుగులు పడుతుంటాయి. ఒక్కో అడుగుకి చువ్వ కాస్త కిందికి కుంగుతుంది, ఇక పైకి లేవదు. కాసేపటికి దాని మీద కాంక్రీటు పరుచుకుంటుంది. సాయంత్రానికి స్లాబ్ నున్నగా, అందంగా కనిపిస్తుంది. చువ్వ రెండంగుళాలు కిందికి దిగిపోయిందని చెప్పే గుర్తు పైకి ఒక్కటీ ఉండదు.

గది స్లాబులో ఇలా జరిగితే నష్టం కొంతే. బాల్కనీలో మాత్రం ఆ చువ్వ మీదే సమస్తం ఆధారపడి ఉంటుంది.

గది స్లాబుకి రెండు వైపులా ఆధారం ఉంటుంది. బరువు పడితే మధ్యలో కిందికి వంగుతుంది. అప్పుడు సాగేది అడుగుభాగం కాబట్టి ప్రధానమైన ఇనుము అడుగున ఉంటుంది. కాంటిలీవర్ బాల్కనీకి ఆధారం గోడ వైపు మాత్రమే, ముందంతా గాలి. పాత హవాయి చెప్పు ఒకటి తీసుకుని, మడమ భాగాన్ని బల్ల మీద అదిమిపట్టి, బయటికి వచ్చిన ముందు భాగాన్ని కిందికి నొక్కి చూస్తే సంగతి తెలుస్తుంది. బల్ల అంచు దగ్గర చెప్పు పైభాగం సాగుతుంది, అడుగుభాగం నలుగుతుంది. కాంక్రీటు నలుగుడుకి బాగా తట్టుకుంటుంది కానీ సాగుడుకి తట్టుకోలేదు. అందుకే బాల్కనీలో ఇనుము పైన ఉండాలి, అందులోనూ గోడ గీత దగ్గర తప్పనిసరిగా పైన ఉండాలి. నాలుగు అడుగుల బాల్కనీలో అతి ఎక్కువ వంపు పడేది ఆ ఒక్క గీత మీదే.

ఎంత వంపు పడుతుందో లెక్క వేసి చూద్దాం. గోడ నుంచి నాలుగు అడుగులు, అంటే 1.2 మీటర్లు ముందుకి వచ్చిన బాల్కనీ అనుకుందాం. స్లాబ్ మందం ఆరంగుళాలు, అంటే 150 మి.మీ. దాని మీద టైల్సు, ముందు అంచున మీటరు ఎత్తు పిట్టగోడ ఉన్నాయి. గోడ పొడవునా ఒక మీటరు ముక్కను మాత్రం తీసుకుంటే స్లాబు, టైల్సు కలిపి సుమారు 570 కిలోలు. నాలుగున్నర అంగుళాల ఇటుక పిట్టగోడ, ప్లాస్టరింగుతో కలిపి 280 కిలోలు. ఇళ్ల బాల్కనీల మీద మనుషులు, సామాను కోసం చదరపు మీటరుకి కనీసం 300 కిలోలు లెక్కలోకి తీసుకోవాలని భారతీయ ప్రమాణం చెబుతుంది. ఆ లెక్కన ఇంకో 360 కిలోలు. మొత్తం 1200 కిలోల పైమాటే.

బరువు ఎంతన్నది ఒక ఎత్తు, గోడకి ఎంత దూరాన ఉందన్నది ఒక ఎత్తు. స్లాబు, మనుషుల బరువు బాల్కనీ అంతా పరుచుకుని ఉంటుంది కాబట్టి సగటున గోడకి రెండడుగుల దూరంలో పనిచేస్తుంది. పిట్టగోడ పూర్తిగా అంచున ఉంటుంది. అందువల్ల మొత్తం బరువులో నాలుగో వంతు కూడా లేని పిట్టగోడ, గోడ గీత దగ్గర పడే వంపులో మూడో వంతుకి పైగా తెస్తుంది. బాల్కనీ నిండా నిలబడిన మనుషులకంటే ఆ ఇటుకల గోడే ఎక్కువ వంచుతుందన్నమాట. కొన్నాళ్లకి ఆ గోడ మీద వరసగా సిమెంటు పూలకుండీలు పెట్టేవాళ్లకి ఈ లెక్క ఎవరూ చెప్పరు.

ఈ వంపుని మోయడానికి 10 ఎంఎం చువ్వలు 200 మి.మీ. దూరానికి ఒకటి చొప్పున వేస్తే సరిపోతాయి, ఇంకా కొంత మిగులు కూడా ఉంటుంది. అయితే అవి తమ చోట ఉన్నప్పుడే. చువ్వ మీద 20 మి.మీ. కాంక్రీటు కవర్ పోగా, చువ్వ నడిమధ్య నుంచి స్లాబ్ అడుగు వరకు 125 మి.మీ. లోతు దక్కుతుంది. చువ్వ శక్తి ఈ లోతుని బట్టే ఉంటుంది. తొక్కుళ్లకి రెండంగుళాలు కుంగితే లోతు 75 మి.మీ.కి పడిపోతుంది, బలం నలభై శాతానికి పైగా పోతుంది. అప్పటికి మిగులు అంతా కరిగిపోయి, ప్రమాణం కోరిన బలం కూడా ఉండదు. అదే చువ్వ అడుగుకి చేరిపోతే, దాని శక్తి స్లాబు, పిట్టగోడల సొంత బరువుకే చాలదు. ఇనుము కొన్నారు, కట్టారు, బిల్లు చెల్లించారు. పని చేయాల్సిన చోట మాత్రం లేదు.

మరి అలాంటి బాల్కనీ వెంటనే కూలిపోదా? కూలకపోవచ్చు, అసలు ప్రమాదం అక్కడే ఉంది. కాంక్రీటుకి సాగుడుని తట్టుకునే శక్తి చాలా తక్కువే కానీ పూర్తిగా లేకపోలేదు. పైన చెప్పిన ఆరంగుళాల స్లాబ్ ఎం20 కాంక్రీటుతో గట్టిగా వేసి ఉంటే, పగులు పడనంతకాలం ఒక్క చువ్వ సాయం లేకుండా కూడా ఆ రోజువారీ బరువుని మోయగలదని లెక్క చెబుతుంది. అలా ఏళ్ల తరబడి నిలబడుతుంది. ఎండకి సాగి, చలికి కుంచించుకుని, నీళ్లు దిగి, ఎప్పుడో ఒకనాడు గోడ గీత దగ్గర పైన ఒక సన్నని పగులు పడుతుంది. చువ్వ పైన ఉన్న బాల్కనీలో ఆ పగులుని చువ్వ పట్టి ఆపుతుంది. చువ్వ కింద ఉన్న బాల్కనీలో ఆ పగులుని ఆపేది ఏదీ లేదు. ముందు మెల్లగా వంగి, చప్పుడు చేసి హెచ్చరించే అవకాశం కూడా ఉండదు.

ఫ్రాన్సులోని ఆంజే నగరంలో 2016 అక్టోబరు 15 రాత్రి ఒక అపార్టుమెంటు మూడో అంతస్తు బాల్కనీ కూలింది. కొత్తగా దిగిన ఇంట్లో స్నేహితులకి విందు జరుగుతోంది. నలుగురు యువకులు చనిపోయారు, పదిమందికి పైగా గాయపడ్డారు. ఆ భవనం 1990ల చివర్లో కట్టింది, అంటే అప్పటికి దాదాపు రెండు దశాబ్దాలు ఆ బాల్కనీ మామూలుగానే నిలబడి ఉంది. ఫ్యాక్టరీలో తయారైన బాల్కనీలు తెచ్చి బిగించాలని మొదట అనుకున్నారు. తర్వాత ఆ ఆలోచన మార్చుకుని సైటులోనే పోశారు. విచారణలో ఇనుము ఉండాల్సిన చోట లేదని తేలింది. 2022లో కేసు కోర్టు విచారణకి వచ్చి, నిర్మాణంలో పాల్గొన్న కొందరికి శిక్షలు పడ్డాయి. నిండా మనుషులున్న బాల్కనీ అనగానే అందరూ జనం ఎక్కువైపోయారంటారు. నిజానికి బాల్కనీని లెక్కగట్టేదే జనం నిలబడతారని.

చువ్వని పైన నిలబెట్టడానికి పెద్ద ఖర్చేమీ లేదు. పైవరస చువ్వల కింద వంచిన చువ్వ ముక్కలతో చేసిన ‘కుర్చీలు’ రెండు మూడడుగులకి ఒకటి చొప్పున పెట్టాలి. వాటిని పదే ఎంఎం చువ్వతో చేయాలి, సన్నని ముక్కలతో చేస్తే మనిషి బరువుకి అవే మడత పడతాయి. అడుగు వరసకి పెట్టే కవర్ బ్లాకులు పైవరసని నిలబెట్టలేవు. కాంక్రీటు మోసేవాళ్లు నడవడానికి చెక్కలు వేసి, ఆ చెక్కలు చువ్వల మీద కాకుండా ఇటుకల మీద ఆనేలా చూడాలి. పోయడానికి ముందు సెంట్రింగు చెక్క మీద టేపు నిలబెట్టి గోడ గీత దగ్గర కొలిస్తే, ఆరంగుళాల స్లాబులో చువ్వ పైభాగం 130 మి.మీ. దగ్గర తగలాలి. పోస్తున్నప్పుడు కూడా మధ్యలో ఇంకోసారి కొలవాలి. ఎందుకంటే చువ్వలు కుంగేది పోసేటప్పుడే. ఇంజనీరు పొద్దున చూసి సంతకం పెట్టి వెళ్లిపోతే, మధ్యాహ్నం జరిగింది ఆయనకి తెలియదు.

చువ్వ లోపలికి ఎంత దూరం పోవాలన్నది ఇంకో సంగతి. ఎం20 కాంక్రీటు 500 గ్రేడు చువ్వని గట్టిగా పట్టుకోవాలంటే చువ్వ మందానికి 57 రెట్లు లోపల ఉండాలి. 10 ఎంఎంకి అది దాదాపు రెండడుగులు. అయితే చాలామంది ఇంజనీర్లు దాంతో ఆగరు, బాల్కనీ ఎంత ముందుకు వచ్చిందో దానికి ఒకటిన్నర రెట్లు గది స్లాబులోకి పంపమంటారు. నాలుగడుగుల బాల్కనీకి ఆరడుగులు. బయటి బరువుకి లోపలి స్లాబు బరువే పోటీ కాబట్టి ఈ జాగ్రత్త సబబే. లోపల స్లాబే లేకుండా దూలం నుంచి మాత్రమే వచ్చే సన్‌షేడు, సజ్జల పరిస్థితి ఇంకా సున్నితం. వాటిని వెనక్కి పట్టి ఉంచేది చాలాసార్లు దూలం మీద రాబోయే గోడ బరువే. ఆ గోడ లేవకముందే కింది కర్రలు తీసేస్తే సజ్జ మొత్తం దూలంతో సహా ముందుకి తిరగబడుతుంది. సైటులో మనుషుల మీద సజ్జ పడిందని వార్తల్లో వచ్చినప్పుడు ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే.

చువ్వ సరిగ్గానే ఉన్నా బాల్కనీ వంగకుండా ఉండదు. ఎంత వంగవచ్చో ప్రమాణాలు హద్దు పెట్టాయి. పొడవులో 250వ వంతు, అంటే మన నాలుగడుగుల బాల్కనీ కొసకి దాదాపు 5 మి.మీ. ఇల్లు కట్టించేవాళ్లు తరచుగా అడిగేది “ఇంకో అడుగు పెంచుదాం, కుర్చీలు పడతాయి” అని. స్లాబు మందం అలాగే ఉంచి నాలుగుని ఐదు చేస్తే, పరుచుకున్న బరువుకి గోడ దగ్గర వంపు ఒకటిన్నర రెట్లవుతుంది. కొస దిగుడు మాత్రం దాదాపు రెండున్నర రెట్లవుతుంది. అడుగు పెరిగింది నాలుగో వంతే, దిగుడు పెరిగింది అంత. దానికి తోడు బాల్కనీని మోసే దూలం కూడా కాస్త మెలి తిరిగితే కొస ఇంకొంచెం దిగుతుంది. కొలిచి చూస్తే దిగుడు లెక్కకన్నా ఎక్కువ రావడానికి ఇదో కారణం.

వంపు విషయంలో ప్రపంచమంతా చెప్పుకునే ఇల్లు ఒకటుంది. అమెరికాలో పెన్సిల్వేనియా అడవిలో, జలపాతం మీదికి చొచ్చుకొచ్చినట్టు ఫ్రాంక్ లాయిడ్ రైట్ డిజైన్ చేసిన ‘ఫాలింగ్ వాటర్’. 1936లో ప్రధాన టెర్రేసు కింది సెంట్రింగు విప్పినప్పుడు కాంక్రీటు అంగుళంముప్పావు కిందికి దిగింది. ఇంటి యజమాని ఎడ్గార్ కాఫ్‌మన్ సలహాదారులైన ఇంజనీర్లు అప్పటికే అనుమానంతో రైట్‌కి చెప్పకుండా దూలాల్లో ఇనుము రెట్టింపు చేయించారు. ఒక టెర్రేసు కింద ఆధారంగా రాతిగోడ కూడా కట్టించారు. అది చూసిన రైట్, గుట్టుగా ఆ గోడ పైవరస రాళ్లు తీయించాడు. కొన్ని వారాల తర్వాత యజమానికి ఆ ఖాళీని చూపించి, గోడ లేకుండానే టెర్రేసు నిలబడి ఉంది కదా అన్నాడు. ధైర్యం మెచ్చుకోదగ్గదే, కానీ టెర్రేసు దిగడం ఆపలేదు. పదిహేనడుగుల మేర బయటికి వచ్చిన కొస 1990ల నాటికి ఏడంగుళాల వరకు దిగిపోయింది. 1997లో కింద తాత్కాలిక ఉక్కు ఆధారాలు పెట్టి, 2002లో కాంక్రీటు దూలాల పక్కన తీగల్ని బిగించి లాగి దాన్ని కాపాడారు.

సెంట్రింగు విప్పిన రోజు దిగింది అంగుళంముప్పావు, ఆరు దశాబ్దాలకి ఏడంగుళాలు. ఈ తేడాకి కాంక్రీటు నైజం కారణం. ఎడతెగని బరువు కింద అది నెలల తరబడి, ఏళ్ల తరబడి మెల్లగా నలుగుతూ పోతుంది. భారతీయ ప్రమాణం ఐఎస్ 456 దీనికి అంకెలు ఇచ్చింది. కాంక్రీటు వేసిన 7 రోజులకి బరువు మీద పెడితే, తర్వాత కాలంలో వచ్చే నలుగుడు మొదటి రోజు నలుగుడుకి 2.2 రెట్లు ఉంటుంది. 28 రోజులకి పెడితే 1.6 రెట్లు. అంటే కర్రలు ఎప్పుడు తీశారన్నది ఆ బాల్కనీ జీవితాంతం గుర్తుంచుకుంటుంది.

ఇదంతా సైటులో వినిపించే మాట వేరు. “ఏడు రోజులైంది కదా సార్, కర్రలు తీసేద్దామా? పక్క స్లాబుకి కావాలి.” సెంట్రింగు సామాను అద్దె రోజు లెక్క, కాబట్టి ఆ తొందర అర్థమవుతుంది. ఐఎస్ 456లో 4.5 మీటర్ల లోపు స్లాబులకి 7 రోజులు అని ఉన్న మాట నిజమే. కానీ అది రెండు వైపులా ఆధారమున్న మామూలు స్లాబుల లెక్క, అదీ సాధారణ పోర్ట్‌ల్యాండ్ సిమెంటుకి. మన ఊళ్లలో దుకాణాల్లో దొరికే బస్తాలు ఎక్కువగా బూడిద కలిసిన పీపీసీవి, వాటి బలం కాస్త నిదానంగా వస్తుంది. కాంటిలీవర్‌కి ఆ పట్టికలో వేరే వరస లేదు. బాధ్యత తెలిసిన ఇంజనీర్లు బాల్కనీకి 14 రోజులకి తగ్గనివ్వరు, వీలైతే 21 నుంచి 28 రోజులు ఉంచమంటారు. క్యూబు పరీక్ష ఫలితం చేతిలో ఉంటే రోజుల లెక్క వదిలేసి బలం చూసుకోవచ్చు. ఆ సమయానికి పడే ఒత్తిడికి కనీసం రెట్టింపు బలం కాంక్రీటుకి వచ్చి ఉండాలన్నది ప్రమాణం మాట.

ఏ కర్ర ముందు తీయాలన్నది కూడా ఇష్టం వచ్చినట్టు చేసేది కాదు. కొస నుంచి మొదలుపెట్టి గోడ వైపు రావాలి. గోడ దగ్గరి కర్రలు ముందు తీసి కొసన ఉంచేస్తే, ఆ కాసేపు బాల్కనీ రెండు చివరల మీద ఆనిన స్లాబవుతుంది. దాని మధ్యలో అడుగుభాగం సాగుతుంది, అక్కడ సరిపడా ఇనుము లేదు. నాలుగడుగుల్లో ఇది పెద్ద ప్రమాదం కాకపోవచ్చు, ఆరేడు అడుగుల బాల్కనీల్లో మాత్రం ఆటలాడుకునేది కాదు.

అపార్టుమెంట్లలో చిక్కు ఇంకొకటి. రెండో అంతస్తు బాల్కనీ పోసేటప్పుడు దాని కర్రలు మొదటి అంతస్తు బాల్కనీ మీద, అందులోనూ కొస దగ్గర నిలబడతాయి. మీటరు ముక్కకి నాలుగున్నర వందల కిలోల పచ్చి కాంక్రీటు, చెక్కలు, మనుషులు, వీటన్నిటిలో దాదాపు సగం బరువు కింది బాల్కనీ కొస మీద పడుతుంది. కింది బాల్కనీకి అప్పటికే కర్రలు తీసేసి ఉంటే ఆ బరువంతా దాని పైచువ్వల మీదే. అందుకే కింది అంతస్తు కర్రలు పై అంతస్తు గట్టిపడేదాకా నేల వరకు వరసలో ఉండాలి. తీసేటప్పుడు పై అంతస్తు నుంచి కిందికి రావాలి. ఇల్లు గట్టిపడి పైన పగులు కనిపిస్తే ఎక్కువమంది సిమెంటు నాణ్యతని తిడతారు. ఆ పగులు పుట్టింది పై స్లాబు పోసిన రోజు కావచ్చు.

ఇక నీళ్ల సంగతి. మేడ మీది స్లాబులో నీళ్లు దిగితే అడుగు చువ్వ తుప్పుపట్టి, కింద పెచ్చులూడి, అందరికీ కనిపిస్తుంది. బాల్కనీలో ప్రాణం పోసే చువ్వ పైన, టైల్సుకి రెండంగుళాల కింద ఉంది. సాగుడు వల్ల గోడ గీత దగ్గర పైన వెంట్రుకంత పగుళ్లు ఎలాగూ ఉంటాయి. వాన నీళ్లు, కడిగిన నీళ్లు టైల్సు సందుల్లోంచి దిగితే నేరుగా చేరేది అక్కడికే. అడుగు నుంచి చూసేవాడికి ఏమీ కనిపించదు.

అందుకే గది నేల కంటే బాల్కనీ నేల ఒకటిన్నర రెండంగుళాలు దిగువన ఉండాలి. ఈ దిగుడుని డ్రాయింగులోనే స్లాబులో ఇవ్వాలి, తర్వాత కొట్టి తీయడం కాదు. టైల్సు కింద వాటర్‌ప్రూఫింగు పూత వేసి, దాన్ని గోడ మీదికి కనీసం ఆరంగుళాలు ఎక్కించాలి. తలుపు గడప కిందికి కూడా మడవాలి. చాలామంది ఆపేసేది ఆ గడప దగ్గరే. వాటం మీటరుకి ఒక సెంటీమీటరైనా ఉండాలి, అది కొస వైపుకే ఉండాలి. పైపు గోడ పక్కన ఉందని వాటాన్ని లోపలికి పెడితే చిక్కే. నాలుగడుగులకి ఇచ్చిన 12 మి.మీ. వాటంలో కొస దిగుడు సగం దాకా తినేస్తుంది. ఇక నీళ్లు ఎటూ పోలేక, అదీ పగుళ్ల గీత మీదే నిలబడతాయి.

కొస అంచు అడుగున, ముఖానికి అంగుళంన్నర లోపలగా వేలు పట్టేంత గాడి పెడితే నీళ్లు అక్కడే తెగి కారిపోతాయి, అడుగు వెంబడి గోడ దాకా పాకవు. దాన్ని తర్వాత ఉలితో చెక్కితే చువ్వ కవర్ పోతుంది, కాబట్టి సెంట్రింగు వేసేటప్పుడే సన్నని బద్దను బిగించాలి. రెయిలింగు కాళ్ల కోసం అంచున డ్రిల్లు వేసిన రంధ్రాలు ఇంకో దొంగదారి. ఒక్కొక్క కాలు చుట్టూ సీలెంటు నింపకపోతే పూత అంతా వేసీ వృథా. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో ఉప్పుగాలి ఈ పనిని ఇంకా వేగిరపరుస్తుంది. సముద్రపు గాలికి ఎదురుగా ఉన్న కాంక్రీటుకి ఐఎస్ 456 చువ్వ మీద 45 మి.మీ. కవర్, ఎం30 కాంక్రీటు అడుగుతుంది. 20 మి.మీ. కవర్‌కి లెక్కించిన ఆరంగుళాల స్లాబులో అది పాటిస్తే లోతు తగ్గుతుంది, కాబట్టి మందం కూడా పెరగాలి.

ఉన్న బాల్కనీని ఎలా చూడాలి? కింద నుంచి పెచ్చులు చూసి భయపడటం సహజం, కానీ ముందు పైన చూడాలి. గడప బయట, గోడకి సమాంతరంగా టైల్సు సందు తెరుచుకుందా, ఆ వరస టైల్సు నాణెంతో తడితే డొల్లగా మోగుతున్నాయా, మట్టం కొసన పెడితే బుడగ ఎంత జరిగింది, గతేడాదికీ ఇప్పటికీ తేడా ఉందా అన్నవి ముఖ్యం. అనుమానముంటే ముందుగా కింద కర్రలు నిలబెట్టి, ఆ తర్వాతే టైల్సు తీయాలి. చువ్వ ఎక్కడుందో కవర్ మీటరుతో కొట్టకుండానే తెలుసుకోవచ్చు. చువ్వ కొంచెం కుంగిందని తేలితే కూలగొట్టక్కర్లేకుండా, ఇటుక పిట్టగోడ తీసి ఇనుప రెయిలింగు పెడితేనే గోడ దగ్గర వంపులో దాదాపు మూడో వంతు తగ్గుతుంది.

అయినా నమ్మకం కుదరకపోతే లోడ్ టెస్టు ఉంది. కింద ఒక అంగుళం ఖాళీతో కర్రలు అడ్డం పెట్టి, బాల్కనీ మీద లెక్క బరువుకి ఒకటింబావు రెట్లు ఇసుక బస్తాలు పేర్చాలి. నాలుగడుగుల వెడల్పు, పదడుగుల పొడవున్న బాల్కనీకి యాభై కిలోల బస్తాలు 27 పడతాయి. 24 గంటలు ఉంచి, కొస ఎంత దిగిందో డయల్ గేజితో రాసుకుని, బస్తాలు తీసిన తర్వాత ఇంకో 24 గంటలు చూస్తారు. దిగినదాంట్లో కనీసం ముప్పావు వంతు తిరిగి పైకి లేవాలి. లేవకపోతే 72 గంటలు ఆగి మళ్లీ పేరుస్తారు. రెండోసారి 80 శాతమైనా లేవకపోతే ఆ బాల్కనీ పనికిరాదని రాసి ఇస్తారు.